చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ మెషిన్: ఎంత లోడు, ఏ సైజు కేబుల్, పక్కింటి లైట్లు డిమ్ కాకుండా ఏం చేయాలి

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉన్నవాళ్ళకు ఈ గొడవ తక్కువ. చుట్టూ షెడ్లే, లైన్లు కూడా ఆ లోడుకు తగ్గట్టే వేసి ఉంటాయి. చిక్కంతా సింగ్‌నగర్ లాంటి చోట, గుంటూరు పాత పేటల్లో, ఇళ్ళ మధ్య సందులో గ్రిల్స్, గేట్లు చేసే చిన్న షాపులది. రాడ్డు తగిలించగానే పక్కింట్లో ట్యూబ్‌లైటు వణుకుతుంది, ఎదురింటి ఫ్రిజ్ స్టెబిలైజరు టక్ టక్ మంటుంది. సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి "అన్నా, మీ వెల్డింగ్ మొదలైతే మా ఫ్యాన్ పడిపోతోంది" అంటారు.

అప్పుడు చాలామంది చేసే పని సర్వీసు వైరు మందంది మార్చడం. డబ్బు ఖర్చవుతుంది, షాపులో ఆర్క్ కాస్త బాగుపడుతుంది, పక్కింటి లైటు మాత్రం అలాగే వణుకుతుంది. ఎందుకలా అవుతుందో, డబ్బు ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందో ఒక షాపు లెక్కతో వరుసగా చూద్దాం.

## 1. ముందు రెండు కరెంట్లను విడదీసి చూడండి

వెల్డింగ్ మెషిన్ ఆగకుండా నడవదు. రాడ్డు కాలుతుంది, అయిపోతుంది, స్లాగ్ కొడతారు, కొత్త రాడ్డు పెడతారు. పది నిమిషాల్లో ఆర్క్ వెలిగేది మూడు నాలుగు నిమిషాలే. వైరు వేడెక్కడం ఈ సగటు మీద ఆధారపడుతుంది. అందుకే కాస్త సన్న వైరు మీద కూడా మెషిన్ నడిచిపోతుంది.

వోల్టేజి పడిపోవడానికి సగటుతో పని లేదు. ఆర్క్ వెలిగిన ఆ క్షణంలో లైను ఎంత లాగితే అంత పడుతుంది. వైరు చల్లగానే ఉన్నా పక్కింటి లైటు ఊగుతుంది. "వైరు వేడెక్కట్లేదు కదా, సరిపోయినట్టే" అనే మాట షాపు వైరింగ్ వరకే నిజం.

మెషిన్ నేమ్‌ప్లేట్ మీద ఈ రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. I1max అంటే ఆర్క్ వెలిగినప్పుడు లైను నుంచి లాగే గరిష్ఠ కరెంటు. I1eff అంటే డ్యూటీ సైకిల్, అంటే పది నిమిషాల్లో ఆర్క్ వెలిగే వంతు, లెక్కలోకి తీసుకున్న సగటు లాంటి విలువ. కేబుల్ వేడికి I1eff చూడండి, పక్కింటి వోల్టేజికి I1max చూడండి. ప్లేటు మీద ఇవేవీ లేకపోతే, "200 ఆంప్స్" అని పెద్ద స్టిక్కరు మాత్రమే ఉంటే, ఆ మెషిన్ విషయంలో కొలతే దిక్కు. స్టిక్కరును నమ్మకండి.

## 2. మీ పనికి ఎంత కరెంటు కావాలో తేల్చుకోండి

గ్రిల్ పనికి, 1.6 ఎంఎం ట్యూబులకు 12 నంబరు రాడ్డు, అంటే 2.5 ఎంఎం రాడ్డు, 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య నడుస్తుంది. గేటు ఫ్రేములకు, యాంగిళ్ళకు వాడే 10 నంబరు రాడ్డు, అంటే 3.15 ఎంఎం, 90 నుంచి 130 దాకా తీసుకుంటుంది. 4 ఎంఎం రాడ్డు చిన్న షాపులో అరుదు.

కాబట్టి లెక్కకు 120 ఆంపియర్లు తీసుకుందాం. ఆ కరెంటు దగ్గర ఆర్క్ వోల్టేజి సుమారు 25. రెండూ గుణిస్తే 3 కిలోవాట్లు. మెషిన్‌లో పోయే వేడి కలిపితే లైను నుంచి తీసుకునే అసలు పవరు 3.5 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. ఇదే పని చేయడానికి లైను నుంచి లాగే కరెంటు మాత్రం మెషిన్‌ను బట్టి చాలా మారిపోతుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్, 230 వోల్టుల మీద: ఆర్క్ లేనప్పుడు దాని సెకండరీ వోల్టేజి 75 దగ్గర ఉంటుంది. 120 ఆంపియర్లను 75తో గుణిస్తే 9 కేవీఏ. అంటే లైనులో 39 ఆంపియర్లు. అందులో పని చేసేది సగం కూడా కాదు, మిగతాది పవర్ ఫ్యాక్టర్ తక్కువ వల్ల వచ్చే ఉత్త భారం.

అదే ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్, రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద: 22 ఆంపియర్లు. న్యూట్రల్‌లో ఏమీ పారదు.

సింగిల్ ఫేజు ఇన్వర్టర్ మెషిన్: క్లాంప్ మీటరులో 22, 23 ఆంపియర్లు కనిపిస్తుంది.

త్రీ ఫేజు ఇన్వర్టర్ మెషిన్: ఒక్కో ఫేజులో 5, 6 ఆంపియర్లు.

చివరి రెండు వరుసలు మళ్ళీ చదవండి. అదే రాడ్డు, అదే ఆర్క్, అదే గేటు. సింగిల్ ఫేజు నుంచి త్రీ ఫేజుకు మారితే ఒక తీగలో పారే కరెంటు నాలుగో వంతుకు పడిపోయింది.

## 3. మెషిన్ కొనకముందే లైను బలం కొలవండి

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కావలసినవి ఇవే:

- దశాంశం తర్వాత ఒక అంకె చూపించే డిజిటల్ మల్టీమీటరు
- ఒక క్లాంప్ మీటరు
- 1500 వాట్ల నీళ్ళ హీటరు రాడ్లు రెండు, బకెట్లు రెండు
- మీ స్తంభం నుంచే, మీ ఫేజు మీదే సర్వీసు ఉన్న పొరుగింటివారి అనుమతి

రెండు హీటర్లనూ నీళ్ళలో పెట్టాకే ఆన్ చేయాలి. ఆన్‌లో ఉండగా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ఒక్కో హీటరుకు విడి 16 ఆంప్స్ సాకెట్ వాడండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. రెండూ కలిపి 13 ఆంపియర్ల దాకా లాగుతాయి.

ఇప్పుడు రెండు చోట్ల వోల్టేజి చూడాలి: మీ మెయిన్ స్విచ్ దగ్గర ఒకటి, పొరుగింటి సాకెట్‌లో ఒకటి. ఒకరు హీటర్లు ఆన్, ఆఫ్ చేస్తూ ఫోనులో చెబుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఒక్కసారి చూసి రాసుకోకండి. లైను వోల్టేజి తనంతట తానే ఊగుతుంటుంది. ఐదారుసార్లు ఆన్, ఆఫ్ చేసి సగటు తేడా తీసుకోండి. లైను తేలికగా ఉండే మధ్యాహ్నం ఒకసారి, అందరి ఇళ్ళలో ఏసీలు నడిచే రాత్రి ఒకసారి చేస్తే మరీ మంచిది.

మన ఉదాహరణ షాపు ట్రాన్స్‌ఫార్మర్‌కు 180 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. స్తంభం నుంచి మీటరుకు 20 మీటర్ల సర్వీసు వైరు, 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం. హీటర్లు ఆన్ చేసినప్పుడు 12.9 ఆంపియర్లు, షాపు మెయిన్ దగ్గర 6.2 వోల్టులు తగ్గింది, పొరుగింట్లో 4.6 వోల్టులు తగ్గింది.

తగ్గిన వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే లైను నిరోధం వస్తుంది. షాపు దగ్గర 0.48 ఓమ్. పొరుగింటి దగ్గర 0.36 ఓమ్. తేడా 0.12 ఓమ్, అది మీ సొంత సర్వీసు వైరుది. ఆ 0.36 మాత్రం ఇద్దరూ పంచుకునే వైరుది: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ స్తంభం దాకా వచ్చే ఫేజు తీగ, న్యూట్రల్ తీగ.

సర్వీసు వైరు మారిస్తే పక్కింటికి ఎందుకు మేలు జరగదో ఇక్కడే తెలుస్తుంది. 10 తీసేసి 25 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వేశారనుకోండి. మీ 0.12 కాస్తా 0.05 అవుతుంది. పొరుగింటి 0.36లో ఒక్క అంకె కూడా మారదు.

## 4. పక్కింట్లో ఎంత పడుతుందో అంచనా వేయండి

పైన కొలిచిన 0.36 ఓమ్ లైను మీద, 120 ఆంపియర్ల ఆర్క్ వెలిగినప్పుడు, అదే ఫేజు మీద ఉన్న ఇంట్లో పడే వోల్టేజి దాదాపుగా ఇలా ఉంటుంది. లైను, ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్సు, అంటే ఏసీ కరెంటుకు నిరోధం కాక ఎదురయ్యే ఇంకో అడ్డు, కూడా కలిపిన అంచనా ఇది. పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి క్లాంప్ మీటరు ఆంపియర్లను 0.36తో నేరుగా గుణిస్తే వచ్చే అంకె కంటే ఇది తక్కువ ఉంటుంది.

- 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్: 10 నుంచి 12 వోల్టులు
- రెండు ఫేజుల మీద ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్: ఒక ఫేజులో 5, ఇంకో ఫేజులో దానిలో సగం
- సింగిల్ ఫేజు ఇన్వర్టర్: 5 నుంచి 6
- త్రీ ఫేజు ఇన్వర్టర్: 1 నుంచి 1.5

సింగిల్ ఫేజులో కరెంటు ఫేజు తీగలో వెళ్ళి న్యూట్రల్‌లో తిరిగి వస్తుంది, రెండింటిలోనూ వోల్టేజి పడుతుంది. త్రీ ఫేజులో న్యూట్రల్ భాగం పోతుంది, ఫేజు తీగలో కరెంటు కూడా తగ్గుతుంది. అందుకే అంత తేడా.

ఎంతవరకు ఫర్వాలేదు? రోజుకు నాలుగుసార్లు ఆరేడు వోల్టులు పడితే ఎవరూ పట్టించుకోరు. వెల్డింగ్‌లో నిమిషానికి ఐదారుసార్లు పడి లేస్తుంది, కంటికి అదే ఇబ్బంది. 4, 5 వోల్టులు, అంటే 2 శాతం, దాటితే ఫిర్యాదు వస్తుందనుకోండి. 3 లోపు ఉంటే సాధారణంగా రాదు. లైను అసలే బలహీనంగా ఉండి సాయంత్రం 205, 210 చూపించే వీధిలో అయితే ఈ 3 కూడా ఫ్రిజ్ స్టెబిలైజరును టక్ మనిపించగలదు.

పొరుగువాళ్ళ బల్బును బట్టి కూడా మారుతుంది. మంచి డ్రైవరు ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఈ ఊగిసలాటను మింగేస్తుంది, చవక బల్బు ప్రతి కదలికనూ చూపిస్తుంది. అలాగని "మీ బల్బు మార్చుకోండి" అని చెప్పి చేతులు దులుపుకోవడం సరికాదు. ఫ్యాను, స్టెబిలైజరు, మోటారు కూడా అదే వోల్టేజి మీద ఉన్నాయి.

## 5. మార్పులు ఏ వరుసలో చేయాలి

ఖర్చు లేని వాటితో మొదలుపెట్టి ముందుకు వెళ్ళండి.

మొదట రాడ్డు. 10 నంబరు రాడ్డుతో చేస్తున్న సన్న ట్యూబు పనిని 12 నంబరు రాడ్డుతో 80 ఆంపియర్ల మీద చేయండి. సింగిల్ ఫేజు ఇన్వర్టర్ మీద పక్కింటి తగ్గుదల ఐదున్నర నుంచి మూడున్నరకు దిగుతుంది. సన్న ట్యూబు బొక్కలు పడకుండా ఉండటం అదనపు లాభం.

తర్వాత లూజు జాయింట్లు. హీటరు పరీక్షలో వచ్చిన నిరోధం లైను పొడవుకు సరిపోకుండా ఎక్కువగా ఉంటే, ఎక్కడో జాయింటు వదులైంది. మీ మెయిన్ స్విచ్, మీటరు టెర్మినళ్ళ దగ్గర రంగు మారిన ఇన్సులేషన్, కాలిన వాసన కోసం చూడండి. మీటరు సీలు ఉన్నచోట, స్తంభం మీద మీరు చెయ్యి పెట్టకూడదు. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి లైన్‌మన్‌తోనే చూపించండి.

తర్వాత మెషిన్. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ సింగిల్ ఫేజు మీద నడుపుతుంటే, సగం సమస్య అదే. ఇన్వర్టర్ మెషిన్‌కు మారడమే సగానికి సగం తగ్గిస్తుంది.

ఆ తర్వాత త్రీ ఫేజు సర్వీసు. ఇళ్ళ మధ్య ఉన్న షాపుకు అసలు పరిష్కారం ఇదే. త్రీ ఫేజు తీసుకుని పాత సింగిల్ ఫేజు మెషిన్‌నే ఒక ఫేజు మీద నడిపితే మాత్రం ఏమీ మారదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "త్రీ ఫేజు తీసుకున్నా ఫలితం లేదు" అంటారు. సర్వీసుతో పాటు మెషిన్ కూడా త్రీ ఫేజుది కావాలి.

కెపాసిటరు గురించి ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్‌కు కెపాసిటరు పెడితే లైను కరెంటు బాగా తగ్గుతుంది, పవర్ ఫ్యాక్టర్ మెరుగుపడుతుంది. పక్కింటి వోల్టేజిలో మాత్రం రెండు మూడు వోల్టులే కలిసొస్తుంది. వీధి లైన్లలో సన్న తీగల నిరోధమే ఎక్కువ, దాన్ని కెపాసిటరు మార్చలేదు. పెట్టాలనుకుంటే మెషిన్ తయారీదారు చెప్పిన సైజే పెట్టండి, మెషిన్ ఆపినప్పుడు అది కూడా లైను నుంచి తెగేలా కలపండి.

## 6. ఎంత లోడు అడగాలి

మెషిన్ ఒక్కటే కాదు, షాపంతా లెక్కేయాలి. మన ఉదాహరణలో త్రీ ఫేజు ఇన్వర్టర్ 120 ఆంపియర్ల పని మీద 3.5 కిలోవాట్లు, కటింగ్ మెషిన్ 2.2, గ్రైండరు 0.8, లైట్లు ఫ్యాన్లు అర కిలోవాటు. మొత్తం 7 కిలోవాట్లు.

ఒక్కరే పనిచేసే షాపులో ఇవన్నీ ఒకేసారి నడవవు. 7.5 కిలోవాట్లు, అంటే 10 హెచ్‌పీ, అడిగితే సరిపోతుంది. ఇద్దరు పనిచేస్తూ ఒకరు కోస్తుంటే ఇంకొకరు 4 ఎంఎం రాడ్డుతో 200 ఆంపియర్ల దాకా వెల్డింగ్ చేసే పరిస్థితి ఉంటే 15 హెచ్‌పీ వైపు ఆలోచించండి. ఎలక్ట్రానిక్ మీటరు గరిష్ఠ డిమాండును నమోదు చేస్తుంది, తక్కువ చెప్పి ఎక్కువ వాడితే దాచలేరు.

ఇంటి మీటరు మీద షాపు నడపకండి. తీసుకున్న కేటగిరీ ఒకటి, వాడకం ఇంకొకటి అయితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన అసెస్‌మెంట్ వేస్తారు.

ఏపీసీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు దగ్గర ఉంచుకోవలసినవి:

- షాపు స్థలం పత్రం లేదా అద్దె ఒప్పందం, యజమాని అంగీకారం
- మెషిన్ నేమ్‌ప్లేట్ ఫోటో, మిగతా మెషిన్ల వాట్లు రాసిన జాబితా
- మీ స్తంభం నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో
- హీటరు పరీక్షలో వచ్చిన అంకెలు, తేదీ, సమయం

చివరిది చాలామంది తీసుకెళ్ళరు. "వోల్టేజి రావట్లేదు సార్" అంటే మాట మాటగా పోతుంది. "180 మీటర్ల లైను, 13 ఆంపియర్లకు స్తంభం దగ్గర 4.6 వోల్టులు పడుతోంది, రాత్రి 8 గంటలకు 207 చూపిస్తోంది" అని కాగితం పెడితే, లైను మందం పెంచాలా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పెట్టాలా అన్న చర్చ మొదలవుతుంది.

## 7. మీ షాపులో కేబుల్ సైజు

ఇప్పుడు మీ సొంత వైరింగ్. మీటరు నుంచి మెషిన్ దాకా 25 మీటర్లు, రాగి వైరు, అనుకుందాం.

త్రీ ఫేజు ఇన్వర్టర్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ హాయిగా సరిపోతుంది. మూడు ఫేజులు, ఎర్త్ తప్పనిసరి. న్యూట్రల్ అవసరమా లేదా అన్నది మెషిన్ పుస్తకం చూసి తేల్చుకోండి.

సింగిల్ ఫేజు ఇన్వర్టర్‌కు 120 ఆంపియర్ల పని వరకు 6 స్క్వేర్ ఎంఎం, 200 దాకా వెళ్తే 10. ఇక్కడ 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 23 ఆంపియర్లకు 25 మీటర్లలో 9 వోల్టులు అక్కడే పోతాయి. 6 వేస్తే నాలుగుకు దిగుతుంది. 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్‌కు 10 తగ్గకూడదు.

రేకుల షెడ్డులో ఇంకో సంగతి ఉంది. మే నెలలో బయటే 45 డిగ్రీలు తగులుతుంటే రేకు కింద గోడ పైభాగం ఇంకా వేడిగా ఉంటుంది. పట్టికలో రాసిన కేబుల్ కెపాసిటీలో కనీసం ఐదో వంతు తగ్గించి చూసుకోండి. వీలైతే రేకును ఆనుకుని కాకుండా గోడకు కిందుగా లాగండి.

16 ఆంప్స్ గృహ సాకెట్‌లో 23 ఆంపియర్ల మెషిన్ పెట్టకండి. మొదట్లో ఏమీ అనిపించదు. కొన్నాళ్ళకు ప్లగ్గు పిన్ను దగ్గర ప్లాస్టిక్కు గోధుమ రంగులోకి మారుతుంది, పిన్ను వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. 32 ఆంప్స్ ఇండస్ట్రియల్ ప్లగ్గు, సాకెట్ వాడండి. ఎక్స్‌టెన్షన్ కేబుల్ డ్రమ్ము వాడితే మొత్తం విప్పి పరచాలి, చుట్టి ఉంచితే లోపలి చుట్లు కాలిపోతాయి.

ఎంసీబీ మెషిన్ ఆన్ చేయగానే పడిపోతుంటే, వెల్డింగ్ మొదలుపెట్టకముందే, అది ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం లాగే ఉరవడి కరెంటు. అక్కడ సి కర్వ్ బదులు, ఆ క్షణం ఉరవడిని ఓర్చుకునే డి కర్వ్ ఎంసీబీ పెట్టాలి. ఆంపియర్లు పెంచేయడం తప్పు, అప్పుడు వైరుకు రక్షణ పోతుంది. గ్రైండరు, డ్రిల్లు సాకెట్లకు లీకేజి కరెంటును పట్టి లైను తెంచే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ విడిగా ఉండాలి.

## 8. ఎర్త్ క్లాంపు ఎక్కడ పెడుతున్నారు?

ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ముక్కకే, రాడ్డుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. షెడ్డు స్తంభానికో గేటు ఫ్రేముకో తగిలించి, "ఇనుమంతా కలిసే ఉంది కదా" అని వదిలేసే అలవాటు ఉంది.

అప్పుడు 120 ఆంపియర్లు తమకు దొరికిన దారిన తిరిగి వస్తాయి. ముక్క మీద డ్రిల్లు మెషిన్ ఆనించి ఉంటే దాని ఎర్త్ తీగ ద్వారా కూడా వెళ్తాయి. ఆ సన్న తీగ లోపల మాడిపోతుంది, బయటకు కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడో డ్రిల్లు బాడీకి కరెంటు వస్తే కాపాడటానికి ఎర్త్ ఉండదు. డ్రిల్లు వైరు తడిమి చూసినప్పుడు ఒకచోట బిరుసుగా, పొక్కినట్టు తగిలితే ఆ వైరును వెంటనే మార్చేయండి.

న్యూట్రల్ సరిగా లేదని ఒక ఫేజుకూ భూమిలో పాతిన రాడ్డుకూ మధ్య మెషిన్ నడపడం ఇంకా ప్రమాదం. ఆ రాడ్డు చుట్టూ నేల మీదే వోల్టేజి ఉంటుంది, తడి నేలలో చెప్పుల్లేకుండా నడిచే పిల్లకో ఆవుకో ప్రాణం మీదికి వస్తుంది.

## 9. గుర్తులు చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మీ షాపులో లైట్లు బాగా డిమ్, పక్కింట్లో ఏమీ లేదు. తప్పు మీ సర్వీసు వైరులో లేదా లోపలి వైరింగ్‌లో. ఇక్కడ కేబుల్ మార్చడం సరైన మందు.

మీ ఇద్దరికీ దాదాపు ఒకేలా పడుతోంది. తప్పు ఉమ్మడి లైనులో. కేబుల్ మీద డబ్బు పెట్టకండి, మెషిన్, త్రీ ఫేజు వైపు వెళ్ళండి.

ఒక ఇంట్లో లైటు తగ్గుతుంటే ఇంకో ఇంట్లో వెలుగు పెరుగుతోంది. న్యూట్రల్ మీద వోల్టేజి పడుతోంది. పొడవైన లైను మీద సింగిల్ ఫేజు మెషిన్ నడిపితే కొన్ని వోల్టులు ఇలా మారడం సహజమే. పెరిగే ఇంట్లో 255 దాటుతున్నా, వెల్డింగ్ ఆపాక కూడా వెలుగులు ఎక్కువ తక్కువ అవుతున్నా న్యూట్రల్ జాయింటు వదులైందని అనుమానించాలి. అది పూర్తిగా తెగితే కొన్ని ఇళ్ళకు 300 వోల్టులు దాటిపోయి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. వెల్డింగ్ వెంటనే ఆపేసి 1912కి చెప్పండి, సామాన్లు ప్లగ్గు తీసేయమని ఆ ఇళ్ళవాళ్ళకు కూడా చెప్పండి.

సాయంత్రం మాత్రమే ఆర్క్ ఆగిపోతోంది, రాడ్డు అతుక్కుంటోంది. అసలు లైను వోల్టేజే తక్కువ. మెషిన్ ఆన్‌లో లేనప్పుడు ఎంత ఉందో రాసుకోండి. ఆ సమయంలో కటింగ్, గ్రైండింగ్, ఫిటప్ పెట్టుకుని వెల్డింగ్‌ను పగటికి మార్చుకోవచ్చు.

కటింగ్ మెషిన్ ఆన్ చేసినప్పుడే డిమ్ అవుతోంది. అది వెల్డింగ్ తప్పు కాదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు నడిచే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఆర్క్ వెలుగుతుండగా కటింగ్ స్టార్ట్ చేయవద్దని హెల్పరుకు చెప్పండి.

## 10. మార్చాక మళ్ళీ కొలవండి

కొత్త మెషిన్ పెట్టాక అదే పొరుగింట్లో, అదే సాకెట్‌లో, అదే సమయానికి మీటరు పెట్టండి. ఒక పాత ముక్క మీద పది రాడ్లు వరుసగా కాల్చి, ప్రతిసారీ ఆర్క్‌కు ముందు ఎంత, వెలిగినప్పుడు ఎంత రాయండి. మామూలు మీటరు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, రాడ్డు గీసిన ఆ మెరుపు క్షణాన్ని పట్టుకోలేదు. కనిష్ఠం, గరిష్ఠం పట్టే బటన్ ఉన్న మీటరైతే మేలు, లేకపోతే ఐదు సెకన్లు నిలకడగా ఆర్క్ నడిపి చూడండి.

కొలిచేటప్పుడు పక్కన పెట్టుకోవలసిన జాబితా:

- రాడ్డు సైజు, మెషిన్ మీద పెట్టిన ఆంపియర్లు
- క్లాంప్ మీటరులో ఒక్కో ఫేజు కరెంటు (త్రీ ఫేజు మెషిన్‌లో మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి)
- మెయిన్ దగ్గర ముందు, తర్వాత వోల్టేజి
- పొరుగింట్లో ముందు, తర్వాత వోల్టేజి
- గంట తర్వాత ప్లగ్గు, ఎంసీబీ, టెర్మినళ్ళు వేడిగా ఉన్నాయా

త్రీ ఫేజు మెషిన్‌లో ఒక ఫేజులో సున్నా చూపించి మిగతా రెండింటిలో ఎక్కువ కనిపిస్తే ఒక ఫేజు రావట్లేదు. కొన్ని ఇన్వర్టర్లు ఆ స్థితిలో కూడా నడిచిపోతాయి, ఆర్క్ చూసి మీకు తేడా తెలియకపోవచ్చు, పక్కింటివాళ్ళకు మాత్రం వోల్టేజి తగ్గుదల పెరుగుతుంది. అందుకే ఈ మూడు అంకెలూ నెలకోసారి చూడండి. ఫ్యూజు పోయిందా, ఎంసీబీలో ఒక పోలు పట్టట్లేదా, స్తంభం మీద జంపరు ఊడిందా అన్నది ఆ వరుసలోనే వెతకండి. మొదటి రెండూ మీ ఎలక్ట్రీషియన్ పని, మూడోది లైన్‌మన్ పని.